కిలో పప్పు దగ్గర ఆగిపోయిన మార్కెట్: ఎడ్జ్‌వర్త్ బాక్స్, పరేటో ఎఫిషియెన్సీ, రెండు వెల్ఫేర్ థీరమ్స్

ఈ ఎపిసోడ్‌లో ఒక లెక్క చేద్దాం. చిన్న లెక్కే. ఇద్దరు మనుషులు, రెండు సరుకులు, అంతే. కానీ చివరికి వచ్చేసరికి "మార్కెట్‌ని దాని మానాన వదిలేస్తే అంతా సర్దుకుంటుంది" అనేవాళ్ళకీ, "ధర ఫిక్స్ చేస్తే పేదవాళ్ళు బాగుపడతారు" అనేవాళ్ళకీ, ఇద్దరికీ ఇది కాస్త ఇబ్బంది పెడుతుంది. పెన్ను, కాగితం ఉంటే దగ్గర పెట్టుకోండి. లేకపోయినా పర్లేదు, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా, దాంతోనే పని జరుగుతుంది.

మన ఇద్దరు మనుషుల పేర్లు సత్తెమ్మ, వెంకన్న. పక్కపక్క ఇళ్ళు. ఇద్దరి దగ్గరా కలిపి 20 కిలోల బియ్యం, 15 కిలోల కందిపప్పు ఉన్నాయి. బయటి నుంచి ఏమీ రాదు, బయటికి ఏమీ పోదు. ఎవరి దగ్గర ఎంత ఉందో తర్వాత చెప్తాను, దాన్నిబట్టే కథ మారుతుంది.

ఇద్దరి అలవాట్లు వేరు. సత్తెమ్మ తన దగ్గరున్న డబ్బులో సగం బియ్యానికి, సగం పప్పుకి పెడుతుంది. వెంకన్నకి పప్పు ఇష్టం ఎక్కువ. మూడింట ఒక వంతు బియ్యానికి, రెండు వంతులు పప్పుకి పెడతాడు. ధరలు ఎంతైనా సరే వీళ్ళ అలవాటు మారదు.

ఇప్పుడు ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ఆ స్క్రీనే మన ఎడ్జ్‌వర్త్ బాక్స్. ఎడమ నుంచి కుడికి వెడల్పు 20 కిలోల బియ్యం. కింది నుంచి పైకి ఎత్తు 15 కిలోల పప్పు. ఎడమవైపు కింది మూల సత్తెమ్మది. కుడివైపు పై మూల వెంకన్నది. స్క్రీన్ మీద ఎక్కడైనా వేలు పెట్టండి. సత్తెమ్మ మూల నుంచి ఆ వేలు ఎంత కుడికి ఉందో అది ఆమెకి వచ్చిన బియ్యం, ఎంత పైకి ఉందో అది ఆమెకి వచ్చిన పప్పు. మిగిలిందంతా వెంకన్నది. వెంకన్న వాటా చూడాలంటే ఫోన్‌ని తలకిందులు చేసి అతని మూల నుంచి కొలవండి. ఒక్క చుక్క పెడితే ఇద్దరి వాటాలూ ఒకేసారి తేలిపోతాయి. ఈ బాక్స్‌లో ఉన్న తెలివి అంతా ఇదే.

ఈ ఆలోచనకి మూలం ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్, 1881లో వచ్చిన ఆయన పుస్తకం 'మ్యాథమెటికల్ సైకిక్స్'. మనం ఇప్పుడు పుస్తకాల్లో చూసే డబ్బా ఆకారంలో దాన్ని గీసింది మాత్రం ఇటలీ ఎకనామిస్ట్ విల్‌ఫ్రెడో పరేటో, 1906లో. పేరు ఎడ్జ్‌వర్త్‌ది, బొమ్మ పరేటోది.

సరే, మొదటి ప్రశ్న. మీకే అధికారం ఇస్తే ఈ సరుకుని ఎలా పంచుతారు? చాలామంది చెప్పేది ఒకటే, చెరి సగం. అంటే ఒక్కొక్కరికీ 10 కిలోల బియ్యం, ఏడున్నర కిలోల పప్పు. చుక్క సరిగ్గా స్క్రీన్ మధ్యలో పడుతుంది. వినడానికి బాగుంది. కానీ మీరు అటు వెళ్ళగానే ఏం జరుగుతుందో చూడండి.

"తమ్ముడూ, నాకు కిలో బియ్యం ఇస్తావా? అర కిలో పప్పు ఇస్తాను" అంటుంది సత్తెమ్మ. "ఇవ్వక్కా, నాకూ పప్పే కావాలి" అంటాడు వెంకన్న.

ఇద్దరూ ఎందుకు ఒప్పుకున్నారు? ఇంకో కిలో బియ్యం కోసం ఒక మనిషి గరిష్ఠంగా ఎంత పప్పు వదులుకుంటారు అనేదే ఇక్కడ కీలకం. దీన్నే మార్జినల్ రేట్ ఆఫ్ సబ్‌స్టిట్యూషన్ అంటారు, తెలుగు మీడియం పుస్తకాల్లో ఉపాంత ప్రతిస్థాపన రేటు. మనం సింపుల్‌గా 'మారకం లెక్క' అనుకుందాం. సగం సగం ఖర్చు పెట్టే సత్తెమ్మకి అది ఆమె దగ్గరున్న పప్పుని బియ్యంతో భాగిస్తే వస్తుంది. ఏడున్నర బై పది, అంటే ముప్పావు కిలో. పప్పు మీద రెట్టింపు ఖర్చు పెట్టే వెంకన్నకి అతని పప్పుని రెండింతల బియ్యంతో భాగించాలి. ఏడున్నర బై ఇరవై, అంటే ముప్పావు కిలోలో సగం. కిలో బియ్యానికి ఆమె 750 గ్రాముల పప్పు దాకా ఇస్తుంది, అతను 375 గ్రాములు వచ్చినా ఇచ్చేస్తాడు. మధ్యలో 500 గ్రాముల దగ్గర బేరం కుదిరితే ఇద్దరికీ లాభమే.

అంటే చెరి సగం పంచినప్పుడు, ఎవరినీ బాధపెట్టకుండా ఇద్దరినీ ఇంకా బాగుచేసే మార్గం ఒకటి మిగిలిపోయింది. అలా మార్గం మిగిలి ఉంటే ఆ పంపకం పరేటో ఎఫిషియెంట్ కాదు. ఒకరిని తగ్గించకుండా ఇంకొకరిని పెంచడం ఇక కుదరదు అనే దగ్గరికి వస్తే అది పరేటో ఎఫిషియెంట్. గుర్తుపట్టడం ఎలా అంటే, ఇద్దరి మారకం లెక్కలూ సమానమైపోవాలి. సమానం అయితే బేరానికి మధ్యలో చోటు ఉండదు.

ఇద్దరి మారకం లెక్కలూ సమానం అయ్యే చుక్కలన్నీ స్క్రీన్ మీద కలుపుకుంటూ పోతే ఒక గీత వస్తుంది. సత్తెమ్మ మూల నుంచి మొదలై, కొంచెం కిందికి వంగి, వెంకన్న మూల దాకా పోతుంది. దీన్ని కాంట్రాక్ట్ కర్వ్ అంటారు. సత్తెమ్మ బియ్యం x, పప్పు y అనుకుంటే మన లెక్కలో ఆ గీత ఇది:

y = 15x / (40 − x)

ఫార్ములా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఒక్క విషయం మాత్రం గమనించండి. ఈ గీత రెండు చివర్లూ రెండు మూలలే. సత్తెమ్మకి ఏమీ లేకుండా అంతా వెంకన్నకే ఇచ్చేసినా అది ఈ గీత మీదే ఉంటుంది. ఎందుకంటే వెంకన్న దగ్గర తీసుకోకుండా సత్తెమ్మకి ఏమీ ఇవ్వలేం కదా. చెరి సగం ఎఫిషియెంట్ కాదు, మొత్తం ఒకరికే ఇవ్వడం ఎఫిషియెంట్! పరేటో అడిగే ప్రశ్న 'సరుకు వృథా అవుతోందా' అని మాత్రమే. 'ఎవరికి ఎంత వచ్చింది' అని ఆ ప్రశ్న అడగనే అడగదు.

ఇప్పుడు అధికారి ఎవరూ లేరు, మార్కెట్ ఉంది అనుకుందాం. మొదటి కథ. సత్తెమ్మ వరి పండించింది, 20 కిలోల బియ్యం మొత్తం ఆమెదే. వెంకన్న కంది వేశాడు, 15 కిలోల పప్పు మొత్తం అతనిదే. చుక్క కుడివైపు కింది మూలలో ఉంది. పప్పు ధర కిలో 100 రూపాయలు అని పెట్టుకుందాం. ఒకదాని ధర మనమే పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఇక్కడ లెక్కలోకి వచ్చేది రెండు ధరల మధ్య నిష్పత్తే. బియ్యం ధర ఎంత ఉండాలి?

40 రూపాయలు పెట్టి చూద్దాం. సత్తెమ్మ 20 కిలోల విలువ 800 రూపాయలు. అందులో సగం, 400తో 10 కిలోల బియ్యం ఉంచుకుంటుంది. వెంకన్న పప్పు విలువ 1,500. మూడో వంతు 500తో పన్నెండున్నర కిలోల బియ్యం అడుగుతాడు. మొత్తం ఇరవై రెండున్నర కిలోలు కావాలి, ఉన్నది 20. బియ్యం చాలదు, కాబట్టి ధర పెరగాలి. 60 పెడితే వెంకన్న ఎనిమిది కిలోల పైచిలుకే అడుగుతాడు, సత్తెమ్మ దగ్గర బియ్యం మిగిలిపోతుంది, ధర తగ్గాలి. 50 దగ్గర చూడండి. సత్తెమ్మ విలువ 1,000, ఆమె 10 కిలోల బియ్యం ఉంచుకుని మిగిలిన 500తో 5 కిలోల పప్పు కొంటుంది. వెంకన్న 500తో 10 కిలోల బియ్యం కొని, 10 కిలోల పప్పు ఉంచుకుంటాడు. బియ్యం 20, పప్పు 15, సరిగ్గా సరిపోయింది. ఇదే ఈక్విలిబ్రియం.

ఇది గీత మీద ఉందా? సత్తెమ్మ మారకం లెక్క 5 బై 10, అంటే అర కిలో. వెంకన్నది 10 బై 20, అదీ అర కిలోనే. ఉంది. ఇద్దరిలో ఎవరూ ఆ గీతని చూడలేదు, ఫార్ములా తెలీదు. తమ జేబు, ధర మాత్రమే చూసుకున్నారు. అయినా గీత మీదికే వచ్చి పడ్డారు.

ఇది కాకతాళీయం కాదు, మొదటి వెల్ఫేర్ థీరమ్ చెప్పేది ఇదే. ధరని ఉన్నది ఉన్నట్టు తీసుకుని అందరూ తమకి నచ్చింది కొనుక్కుంటే, సరుకు సరిపోయే ధర దగ్గర వచ్చే పంపకం పరేటో ఎఫిషియెంట్ అవుతుంది. రుజువు కూడా మన లెక్కలోనే చెప్పేయొచ్చు. వెంకన్నకి ఏ నష్టం లేకుండా సత్తెమ్మని ఇంకా బాగా ఉంచే పంపకం ఒకటి ఉంది అనుకోండి. ఆ కొత్త వాటా ఆమెకి ఎక్కువ నచ్చేదే అయితే ముందే ఎందుకు కొనలేదు? డబ్బు చాలక. అంటే దాని విలువ 1,000 రూపాయల కంటే ఎక్కువ ఉండాలి. వెంకన్న కొత్త వాటా విలువ కనీసం 1,500 ఉండాలి, తక్కువకే దొరికేదైతే మిగిలిన డబ్బుతో ఇంకొంచెం కలిపి కొనుక్కునేవాడు కదా. రెండూ కలిపితే 2,500 దాటాలి. కానీ ఉన్న సరుకే 20 కిలోల బియ్యం, 15 కిలోల పప్పు. ఆ ధరల్లో దాని విలువ సరిగ్గా 2,500. దాటడానికి సరుకే లేదు. కాబట్టి అలాంటి పంపకం ఉండదు. రుజువు అయిపోయింది.

ఇక్కడిదాకా మార్కెట్‌కి మంచి పేరే వచ్చింది. ఇప్పుడు రెండో కథ. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

ఊళ్ళో సరుకు అంతే ఉంది, 20 కిలోల బియ్యం, 15 కిలోల పప్పు. మనుషులూ వాళ్ళే, అలవాట్లూ అవే. కానీ ఈసారి సత్తెమ్మ చేతిలో 5 కిలోల బియ్యమే ఉంది. మిగిలిన 15 కిలోల బియ్యం, 15 కిలోల పప్పు మొత్తం వెంకన్నవే. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. భూమి ఎవరిదో, నీళ్ళు ఎవరి చేనుకి వచ్చాయో, అలా ఏదో కారణం.

మార్కెట్ నడిస్తే సరిపోయే ధర బియ్యం కిలో 40 రూపాయలు. చూసుకోండి. సత్తెమ్మ విలువ 200. సగం, వందతో రెండున్నర కిలోల బియ్యం ఉంచుకుంటుంది, మిగిలిన వందతో కిలో పప్పు కొంటుంది. వెంకన్న విలువ 2,100. అందులో 700తో పదిహేడున్నర కిలోల బియ్యం, 1,400తో 14 కిలోల పప్పు. మొత్తం సరిపోయింది. మారకం లెక్కలు చూస్తే సత్తెమ్మది 400 గ్రాములు, వెంకన్నది 14 బై 35, అదీ 400 గ్రాములే. గీత మీదే ఉన్నాం.

అంటే మొదటి థీరమ్ తప్పలేదు. ఇది కూడా పరేటో ఎఫిషియెంట్. సత్తెమ్మకి రెండున్నర కిలోల బియ్యం, కిలో పప్పు, అంతే. థీరమ్ దీన్ని చూసి 'వృథా ఏమీ లేదు' అంటుంది. నిజమే, వృథా ఏమీ లేదు. ఎవరైనా మీతో "మార్కెట్ ఫలితం ఎఫిషియెంట్" అంటే, ఆ మాట ఇంతవరకే చెప్తోందని గుర్తుంచుకోండి. మార్కెట్ మనల్ని గీత మీదికి తెస్తుంది. గీత మీద ఎక్కడికి అనేది, మార్కెట్ మొదలవ్వకముందు ఎవరి చేతిలో ఏముందో దాన్నిబట్టి ఉంటుంది.

సరే, సత్తెమ్మని మొదటి కథలో ఉన్న చోటికి, అంటే 10 కిలోల బియ్యం, 5 కిలోల పప్పు దగ్గరికి తేవాలనుకుందాం. చాలామందికి వెంటనే తట్టే ఉపాయం ధర. "మొదటి కథలో బియ్యం 50 ఉంది, ఇప్పుడు 40 ఉంది. పాపం ఆమె అమ్మేది బియ్యమే కదా, 50కి తక్కువ కొనకూడదని రూల్ పెడదాం" అంటారు. ఉద్దేశం మంచిదే. పెట్టి చూద్దాం.

బియ్యం 50. సత్తెమ్మ విలువ 250. రెండున్నర కిలోలు అమ్మి కిలోంపావు పప్పు కొందామని బయల్దేరుతుంది. వెంకన్న దగ్గరికి వెళ్తుంది. అతని లెక్క చూడండి. 15 కిలోల బియ్యం 750, పప్పు 1,500, మొత్తం 2,250. మూడో వంతు 750తో ఎంత బియ్యం కావాలి? 15 కిలోలు. అతని దగ్గర సరిగ్గా అంతే ఉంది. "అక్కా, ఈ ధరకి నాకు బియ్యం అక్కర్లేదు" అంటాడు. కొనకపోతే పప్పు ఇవ్వడు. ఇంకెవరి దగ్గరా పప్పు లేదు.

ఫలితం ఏంటి? సత్తెమ్మకి 5 కిలోల బియ్యం, పప్పు సున్నా. రూల్ లేనప్పుడు కనీసం కిలో పప్పు వచ్చేది, ఇప్పుడు అదీ పోయింది. మొదటి కథలోని ధరని అచ్చంగా తెచ్చి పెట్టాం, ఆ కథలోని ఫలితం మాత్రం రాలేదు. ఎందుకంటే 50 రూపాయలు అనేది సత్తెమ్మ చేతిలో ఎక్కువ ఉంది కాబట్టి వచ్చిన ధర. ఆమె చేతిలో ఏమీ పెట్టకుండా ధర ఒక్కటే తెచ్చిపెడితే బేరమే ఆగిపోయింది. చూశారా, బయటికి ఇది రూపాయల సమస్యలా కనిపిస్తుంది, లోపల మాత్రం చేతిలో ఉన్న సరుకు సమస్య.

దీనికి దారి చూపేదే రెండో వెల్ఫేర్ థీరమ్. అది ఏమంటుందంటే, కాంట్రాక్ట్ కర్వ్ మీద మీకు నచ్చిన ఏ చుక్కనైనా ఎంచుకోండి. మొదట ఎవరి చేతిలో ఎంత ఉండాలో సర్దండి, తర్వాత ధరల జోలికి పోకుండా మార్కెట్‌ని వదిలేయండి. ఆ చుక్క దగ్గరికి తెచ్చే ధర ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ రెండు థీరమ్స్‌ని ఇప్పుడు మనం నేర్చుకునే సాధారణ రూపంలో నిరూపించింది కెన్నెత్ ఆరో, జెరార్డ్ డెబ్రూ, ఇద్దరూ 1951లో వేర్వేరుగా. తర్వాత ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఆరోకి 1972లో, డెబ్రూకి 1983లో.

మన లెక్కలో చేద్దాం. మనకి కావాల్సిన చుక్క 10 కిలోల బియ్యం, 5 కిలోల పప్పు. ఆ చుక్క దగ్గర ఇద్దరి మారకం లెక్కా అర కిలో, అంటే బియ్యం ధర 50. ఆ ధరలో సత్తెమ్మ వాటా విలువ 1,000. ఆమె దగ్గరున్న 5 కిలోల విలువ 250. తేడా 750. ఆ 750 ఏ రూపంలో ఇచ్చినా ఒకటే. వెంకన్న నుంచి ఏడున్నర కిలోల పప్పు ఆమెకి మార్చినా, 15 కిలోల బియ్యం మార్చినా, రెండూ కొంచెం కొంచెం మార్చినా మార్కెట్ బియ్యాన్ని 50 దగ్గరికే తెస్తుంది, ఇద్దరూ అదే చుక్క దగ్గరికి చేరతారు. ఆమెకి సరిగ్గా 10 కిలోల బియ్యం, 5 కిలోల పప్పు కొలిచి ఇవ్వాల్సిన పని లేదు. విలువ సరిగ్గా ఉంటే మిగతా సర్దుబాటు వాళ్ళే చూసుకుంటారు.

ఇక్కడ పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయే చోటు ఒకటి ఉంది. తేడాని పాత ధరలతో లెక్కపెట్టకూడదు. 40 రూపాయలతో చూస్తే కావాల్సిన వాటా విలువ 900, ఉన్నది 200, తేడా 700 అని వస్తుంది. సరే అని 7 కిలోల పప్పు మార్చారు అనుకోండి. చేతులు మారగానే ధర కూడా కదులుతుంది, 49 రూపాయల చిల్లర దగ్గర ఆగుతుంది. సత్తెమ్మకి చివరికి వచ్చేది సుమారు తొమ్మిది కిలోల 600 గ్రాముల బియ్యం, నాలుగు కిలోల 700 గ్రాముల పప్పు. దగ్గరికి వచ్చాం కానీ చేరలేదు. అందుకే ముందు చుక్క, తర్వాత ఆ చుక్క దగ్గరి మారకం లెక్క నుంచి ధర, ఆ ధరతో విలువ, చివర్లో ట్రాన్స్‌ఫర్. ఎప్పుడూ ఈ వరసలోనే వెళ్ళండి.

ఇంత చక్కగా ఉంటే బయట ప్రపంచంలో ఎందుకు చేయట్లేదు అని మీకు అనిపించొచ్చు. రెండు పెద్ద అడ్డంకులు చెప్తాను.

మొదటిది మొదటి థీరమ్‌కి సంబంధించింది. 'ధరని ఉన్నది ఉన్నట్టు తీసుకుని' అని ఒక మాట అన్నాను కదా. ఇద్దరే ఉన్నచోట అది నిజంగా జరుగుతుందా? రెండో కథలో పప్పు అంతా వెంకన్న చేతిలోనే ఉంది. సత్తెమ్మ ఏ ధరకైనా రెండున్నర కిలోల బియ్యం అమ్ముతుందని అతనికి తెలుసు. "కిలోకి 20 ఇస్తా అక్కా, ఇష్టమైతే ఇవ్వు" అంటాడు. ఆమెకి అర కిలో పప్పే వస్తుంది. ఇప్పుడు మారకం లెక్కలు చూడండి. సత్తెమ్మది 200 గ్రాములు. వెంకన్నది పద్నాలుగున్నర బై ముప్పై అయిదు, అంటే 400 గ్రాముల పైనే. రెండూ కలవలేదు. గీత మీద నుంచి జారిపోయాం. అంటే ఇది అన్యాయం మాత్రమే కాదు, వృథా కూడా. ఒక మార్కెట్‌లో ఎవరైనా ధరని శాసిస్తున్నారా అని అనుమానం వస్తే చూడాల్సిన గుర్తు ఇదే, బేరాలన్నీ అయ్యాక కూడా మారకం లెక్కలు వేరువేరుగా ఉండిపోవడం.

ఎడ్జ్‌వర్త్‌కి ఇది 1881లోనే తెలుసు. ఇద్దరే ఉంటే బేరం గీత మీద ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం అన్నాడు. అటువైపూ ఇటువైపూ మనుషులు పెరిగేకొద్దీ ఆ అనిశ్చితి కుంచించుకుపోయి మార్కెట్ ధర దగ్గరికే వస్తుందనీ చూపించాడు. ఈ మాటకి సాధారణ రుజువు 1963లో డెబ్రూ, హెర్బర్ట్ స్కార్ఫ్ ఇచ్చారు. అందుకే మన సత్తెమ్మని ఒక మనిషిగా కాకుండా అలాంటి వేలమందికి గుర్తుగా, వెంకన్నని కూడా అలాగే చూస్తేనే మొదటి థీరమ్ సరిగ్గా పనిచేస్తుంది.

రెండో అడ్డంకి ట్రాన్స్‌ఫర్‌ది. వెంకన్న నుంచి 750 రూపాయల విలువ తీయాలి. ఎలా తీస్తాం? అతను కొన్న ప్రతి కిలో బియ్యం మీద 10 రూపాయల పన్ను వేస్తే, అతను ఇచ్చేది 50, ఆమె చేతికొచ్చేది 40 అవుతుంది. ఇద్దరూ రెండు వేర్వేరు ధరలు చూసి నిర్ణయం తీసుకుంటారు, మారకం లెక్కలు కలవవు, మళ్ళీ గీత తప్పిపోతాం. కాబట్టి మనిషి ఏం అమ్మాడు, ఏం కొన్నాడు, ఎంత పండించాడు అనేదానితో సంబంధం లేకుండా తీయాలి, ఇవ్వాలి. దీన్నే లంప్‌సమ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కానీ అంత కచ్చితంగా ఇవ్వాలంటే ఎవరి దగ్గర అసలు ఏముందో, ఎవరికి ఏం ఇష్టమో తెలియాలి. అడిగితే వెంకన్న నిజం చెప్తాడా? పప్పు ఉన్నవాడి దగ్గరే తీసుకుంటారని తెలిస్తే వచ్చే ఏడాది అంత కంది వేస్తాడా?

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకి సీజన్‌కి 4,000 రూపాయలు ఇచ్చారు. ఏ పంట వేశారు, ఎంత పండింది, ఎంతకి అమ్మారు అనేదాన్నిబట్టి కాదు, ఎన్ని ఎకరాల పట్టా ఉంది అనేదాన్నిబట్టి. ధరని ముట్టుకోకుండా చేతిలో డబ్బు పెట్టడం కాబట్టి, ధర ఫిక్స్ చేయడంతో పోలిస్తే ఇది రెండో థీరమ్ చెప్పే దారికి చాలా దగ్గర. కానీ దేన్ని కొలిచి ఇచ్చారో దాని ఫలితమే వచ్చింది. పట్టా మీద ఇచ్చారు కాబట్టి పట్టా లేని కౌలు రైతులకి అందలేదు, ఎకరాలు ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ అందింది. మన సత్తెమ్మ కౌలుకి చేసే మనిషి అయితే ఆమె చుక్క ఉన్నచోటే ఉండిపోతుంది. కొలవడానికి తేలికైనది ఒకటి, కొలవాల్సింది ఇంకొకటి. రెండో థీరమ్ అమలులో తేలిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకో షరతు కూడా క్లుప్తంగా చెప్పేస్తాను, ఎగ్జామ్‌లో అడుగుతారు. రెండో థీరమ్‌కి ఇష్టాలు కాన్వెక్స్‌గా ఉండాలి, అంటే మనిషి ఒక్క సరుకే కుప్పగా ఉండటం కంటే రెండూ కలిపి ఉండటాన్ని ఇష్టపడాలి. మొదటి థీరమ్‌కి ఇది అక్కర్లేదు. మన ఇద్దరికీ అన్నంలోకి పప్పు కావాలి కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాలేదు.

మీకు ఇలాంటి సమస్య పేపర్‌లో వస్తే మూడు చోట్ల సరిచూసుకోండి. ఇద్దరి వాటాలు కలిపితే మొత్తం సరుకు వస్తోందా? ప్రతి ఒక్కరి వాటా విలువ, వాళ్ళు మొదట తెచ్చిన దాని విలువతో సమానంగా ఉందా? ఇద్దరి మారకం లెక్కలూ ధరల నిష్పత్తికి సమానమా? ఈ మూడూ కుదిరితే మీ ఆన్సర్ కరెక్ట్.

ఇప్పుడు ఒక లెక్క మీకు వదిలేస్తున్నాను. కావాల్సిన చుక్క మారింది, సత్తెమ్మకి 15 కిలోల బియ్యం, 9 కిలోల పప్పు రావాలి. ఆమె దగ్గర మొదట ఉన్నది 5 కిలోల బియ్యమే. పప్పు 100 రూపాయలే. బియ్యం ధర ఎంత అవుతుంది, వెంకన్న నుంచి ఎన్ని రూపాయల విలువ మారాలి? ముందు ఆ చుక్క గీత మీద ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. మీకు 60, 1,500 వస్తే సరిగ్గా చేసినట్టే. రాకపోతే పాత ధరతో లెక్కపెట్టారేమో ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బాక్స్‌లోకి ఉత్పత్తి తెద్దాం. సరుకు ముందే ఉండటం కాకుండా, ఎంత పండించాలో కూడా వాళ్ళే నిర్ణయించుకుంటే ఏమవుతుందో చూద్దాం. ఉంటాను మరి.